ఒంటిమిట్టలో మా సినిమా మొదటి షో: మైకులో చెప్పిన థాంక్స్, దాని వెనక లెక్క

ఒంటిమిట్టలో మా చిన్న సినిమా మొదటి షో వేసినప్పుడు నేను మాట్లాడిన మాటలు గ్రూపులో పెట్టమని నలుగురైదుగురు అడిగినారు. వాళ్ళలో ఇద్దరు తమ్ముళ్ళు తమ తండా మీద సినిమా తీస్తా ఉన్నారంట. సినిమా ఎట్లా తీయాలో చెప్పే వీడియోలు యూట్యూబులో కొల్లలుగా ఉన్నాయి గానీ, తీసినాక ముందు వరసలో డబ్బిచ్చినోళ్ళు, వెనక వరసలో మనోళ్ళు కూర్చుంటే ఏం మాట్లాడాలో చెప్పినోళ్ళు నాకైతే కనపళ్ళేదు. అందుకే మాట్లాడింది రాస్తున్నా, ఎందుకట్లా మాట్లాడినానో కూడా రాస్తున్నా. మైకులో అందరి పేర్లూ చెప్పినా, ఇక్కడ మాత్రం తీసేసినా. హాల్లో పేరు చెప్పడానికి ఒప్పుకున్నోళ్ళు ఫోన్లో తిరగడానికి ఒప్పుకున్నట్టు కాదు కదా.

సినిమా సంగతి రెండు ముక్కల్లో చెప్తా. ఇరవై రెండు నిమిషాలు. గంపలల్లే ఒక ఎరుకల అవ్వ, ఆమె మనవరాలు. రైల్వేకోడూరు వైపు మామిడికీ బొప్పాయికీ ఒకప్పుడు మనోళ్ళల్లిన గంపలే పోయేవి. ఇప్పుడు ప్లాస్టిక్ క్రేట్లు వచ్చినాయి. అవ్వ చేతిలో పని ఉంది, కొనేవాడు లేడు. అంతే కథ. నటించినోళ్ళు 14 మంది, పనిచేసినోళ్ళు 9 మంది, డబ్బిచ్చినోళ్ళు 31 మంది. మొత్తం ఖర్చు 78,500 రూపాయలు. అందులో నావి 20,000. ఒక పండ్ల మండీ ఆయన 25,000 ఇచ్చినాడు, రిటైరైన ఒక టీచరు సారు 10,000 ఇచ్చినారు. మిగతా 29 మందివి కలిపి 23,500.

ఇప్పుడు అసలు చిక్కు చెప్తా. ఆ 25,000 ఇచ్చిన ఆయన మండీలోనే మా సినిమాలోని క్రేట్లన్నీ ఉన్నాయి. పోయిన కొన్నేళ్ళల్లో ఆయన కూడా గంపలు మానేసి క్రేట్లకి మారినాడు. అవ్వ చేతిపని ఎట్లా పోయిందో చూపించే సినిమాకి అందరికంటే ఎక్కువ డబ్బిచ్చింది ఆయనే, షో నాడు ముందు వరసలో మధ్య కుర్చీ కూడా ఆయనదే. ఆ కుర్చీకి రెండు వరసల వెనక అవ్వ కూర్చుని ఉంటుంది. ఇద్దరికీ ఒకే మైకులో, ఒకే పూట, అబద్ధం లేకుండా థాంక్స్ చెప్పాల.

మొదట నేను రాసుకున్న పద్ధతి మామూలు పద్ధతే. అందరి పేర్లూ వరసగా చదవడం. లెక్కేసి చూసినా. 54 పేర్లు, పేరుకి ఐదు సెకన్లేసుకున్నా నాలుగున్నర నిమిషాలు. దేనికి థాంక్స్ అనేది ఒక్కటి కూడా ఉండదు అందులో. ఇరవై రెండు నిమిషాల సినిమాకి ఇరవై నిమిషాల సభ పెడితే పిల్లలు బయటికి పోతారు, పెద్దోళ్ళు చివరి బస్సు గురించి ఆలోచిస్తారు. కాబట్టి 29 మంది పేర్లు సినిమా చివర టైటిల్స్‌లో వేసినాం, పెద్దా చిన్నా లేకుండా అక్షరాల వరసలో. వంద రూపాయలిచ్చిన పిల్లోడి పేరు రెండు వేలిచ్చినాయన పేరు పక్కనే పడింది. తెర మీద పడిన పేరుని మళ్ళీ మైకులో చదవాల్సిన పని లేదు.

తర్వాత మాటల్ని రెండు ముక్కలు చేసినా. డబ్బిచ్చినోళ్ళకి సినిమాకి ముందు, నటించినోళ్ళకి సినిమా అయినాక. కారణం చాలా మామూలుది. పెద్దమనుషులకి పనులుంటాయి, సినిమా మధ్యలో ఫోన్ పట్టుకుని లేచిపోయేది వాళ్ళే. పోయినాక ఖాళీ కుర్చీకి థాంక్స్ చెప్పలేం. నటించినోళ్ళ సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. సినిమాకి ముందు అవ్వని చూపించి ఈమె బాగా చేసిందంటే జనానికి ఆమె ఎవరో తెలీదు, చప్పట్లు మర్యాదకి కొడతారు. సినిమా చూసినాక అదే ముఖం కనపడితే ఆ చప్పట్లు వేరే. ముందు ముక్క రెండు నిమిషాలు, తర్వాతి ముక్క ఆరు నిమిషాలు. ఇంట్లో ఫోన్లో టైమర్ పెట్టుకుని గట్టిగా చదివి చూసుకున్నా. మనసులో చదివితే ఎప్పుడూ తక్కువ టైమే వస్తుంది, హాల్లో చప్పట్లూ నవ్వులూ కలిసి మూడో వంతు ఎక్కువ పడుతుంది. నమ్మొద్దు దాన్ని.

షోకి రెండు రోజుల ముందు మండీకి పోయినా. కాయితం చేతికిచ్చి, "అన్నా, మీ గురించి మైకులో ఈ నాలుగు మాటలు చెప్తా. ఇందులో అబద్ధం ఏమన్నా ఉంటే చెప్పండి" అన్నా. ఆయన చదివి కాసేపు ఊరకుండినాడు. "క్రేట్ల మాట కూడా చెప్తావా?" అన్నాడు. "సినిమాలో ఉంది కదన్నా, చెప్పకపోతే దాచినట్టుంటుంది" అన్నా. "సరే, ఉన్నదే కదప్పా" అన్నాడు. ఆయనకి సినిమా ముందే చూపించలేదు, ఆయనా అడగలేదు. కానీ మైకులో ఏం రాబోతుందో ముందే తెలియాల. నలుగురిలో కూర్చున్న మనిషికి మైకులో ఆశ్చర్యం పెట్టకూడదు, అది మంచి మాటైనా సరే.

ముందు ముక్క ఇది:

"ఒంటిమిట్టకి వచ్చిన అందరికీ నమస్కారం. నాకిది మొదటి సినిమా. తీయడానికి 78,500 ఖర్చయింది. అందులో నాలుగు వేళ్ళకి ఒక వేలే నాది, మిగతా మూడూ ఇక్కడున్నోళ్ళవి. ఈ ఊరి గుడికి ఒకప్పుడు వావిలికొలను సుబ్బారావు గారు తెంకాయ చిప్ప పట్టుకుని ఊరూరా తిరిగి డబ్బు పోగు చేసినారని మీకందరికీ తెలుసు. నేను ఫోన్లో క్యూఆర్ కోడ్ పట్టుకుని తిరిగినా. చిప్ప మారింది, పనదే. మండీ అన్న 25,000 ఇచ్చినాడు. తన మండీలో రెండు రోజులు షూటింగు చేసుకోనిచ్చినాడు. ఆయన మండీలో ఇప్పుడు క్రేట్లే వాడతారు, అది మీకు సినిమాలో కనపడుతుంది. డబ్బిచ్చే ముందు సినిమా చూపించమనలేదు, ఆ సీను తీసెయ్యమనలేదు. అందుకు ఆయనకి థాంక్స్. మా సారు తన పెన్షన్లో నుంచి 10,000 ఇచ్చి, తెలుగు తప్పులు దిద్దినారు. మిగతా 29 మంది పేర్లు చివర్న తెర మీద వస్తాయి, లేచిపోకుండా చూడండి. ఎవరెవరు ఎంతిచ్చినారు, దేనికెంత ఖర్చయింది అన్న కాయితం తలుపు దగ్గర అంటించినాం. సినిమా చూద్దాం."

ఇక్కడ రెండు సంగతులు చెప్పాల.

ఒకటి, వావిలికొలను సుబ్బారావు గారి మాట ఎందుకు తెచ్చినానంటే, ఒంటిమిట్టోళ్ళకి ఆయన పేరు చెప్తే ఇంక వివరం అక్కర్లేదు. కోదండరామస్వామి గుడి పాడుబడి ఉన్నప్పుడు ఆయన చేతిలో తెంకాయ చిప్పతో భిక్ష అడిగి, ఆ డబ్బుతో గుడి బాగుచేయించినాడు. అంతటితో ఆగకుండా ఆ చిప్ప మీదనే టెంకాయచిప్ప శతకం అని ఒక శతకం రాసినాడు. డబ్బులడిగి పనిచేసినోడు తలదించుకోనక్కర్లేదు, వచ్చిన డబ్బు యాడికి పోయిందో కనపడితే చాలు. గుడి కనపడతా ఉంది కదా. మనోళ్ళు స్టేజీ ఎక్కితే చాలామందికి గొంతు మారిపోతుంది. "మాలాంటి వాళ్ళని ఆదుకున్న", "వెనకబడిన మమ్మల్ని చేయిపట్టి నడిపించిన" అని మొదలుపెడతారు. ఆ మాట వచ్చినాక సినిమా పక్కకి పోతుంది, మనం సాయం తీసుకున్నోళ్ళుగా మిగుల్తాం. అందుకే నేను అంకె చెప్పినా, దేనికిచ్చినారో చెప్పినా, ఏం అడగలేదో చెప్పినా. గుణగణాలు చెప్పలేదు. లెక్క కాయితం తలుపుకి అంటిస్తే మాటల్లో పొగడాల్సిన అవసరం సగం తగ్గిపోయింది.

రెండోది అంకితం. షోకి ముందు రోజు ఒకాయన, నాకు కావాల్సినాయనే, "సినిమా మండీ ఆయనకి అంకితం అని వేసెయ్యి, రేపు రెండో సినిమాకి పనికొస్తాడు" అన్నాడు. ఇది ఒంటిమిట్ట అని గుర్తుపెట్టుకోండి. పోతన్నది ఈ ఊరా ఓరుగల్లా అనే కొట్లాట పండితులకి వదిలేద్దాం, గుళ్ళో మాత్రం ఆయన విగ్రహం ఉంది. భాగవతాన్ని రాజులకిమ్మంటే ఇయ్యలేదు, రాముడికిచ్చినాడు, మనకి చెప్పే కథ అది. ఇదే కథని కె.వి.రెడ్డి తన మొదటి సినిమాగా తీసినాడు. ఆయనది తాడిపత్రి. వాహినీ కంపెనీలో ప్రొడక్షన్ లెక్కలు చూసుకుంటా ఉండినోడు డైరెక్టరైనాడు, 1943లో భక్త పోతన వచ్చింది, నాగయ్య పోతనగా వేసినాడు. డబ్బుల లెక్క బాగా తెలిసినోడు, పుస్తకాన్ని డబ్బున్నోడికి ఇయ్యని కవి కథతో మొదలుపెట్టినాడంటే నాకు ఇష్టంగా ఉంటుంది. ఆ కథలో నాకు దొరికింది ఒకటే. థాంక్స్ వేరు, అంకితం వేరు. డబ్బిచ్చినాయనకి థాంక్స్ చెప్పాల, బాగా చెప్పాల, ఎంతిచ్చినాడో కూడా చెప్పాల. సినిమా ఎవరిదంటే మాత్రం అది ఎవరి బతుకు గురించో వాళ్ళది. మేం ఎవరికీ అంకితం వెయ్యలేదు.

సినిమా అయినాక చెప్పిన ముక్కకి ముందు చేసిన పని ఎక్కువ. నటించిన 14 మంది దగ్గరికీ పోయి రెండు ప్రశ్నలడిగినా. "మైకులో నిన్ను ఏ పేరుతో పిలవాల? నీ గురించి ఏం చెప్పొద్దు?"

మొదటి ప్రశ్నకే ఎన్ని జవాబులు వచ్చినాయో. ఒక అక్కని ఊరంతా ఫలానా వాళ్ళ పెండ్లాం అనే పిలుస్తారు, ఆధార్ కార్డులో ఒక పేరు, పుట్టింట్లో ఒక పేరు. ఆమె పుట్టింటి పేరు చెప్పమంది. మైకులో ఆ పేరు విని ఆమె కొడుకే వెనక్కి తిరిగి చూసినాడు. రెండో ప్రశ్నకి వచ్చిన ఒక జవాబు మాత్రం నన్ను రెండు రోజులు నిద్రపోనీలేదు. లైట్లు పట్టుకుని, ఒక సీన్లో కూడా కనపడిన తమ్ముడు కడపలో అద్దెకుంటాడు. ఇల్లు అడిగేటప్పుడు కులం చెప్పలేదు. "అన్నా, నా పేరు చెప్పు, ఎరుకల అని మాత్రం చెప్పొద్దు. హాల్లో ఎవరెవరుంటారో" అన్నాడు.

వాడిది పిరికితనం అనడానికి మనకెవరికీ హక్కు లేదు. 1871లో తెల్లోళ్ళు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911లో మార్చినాక మద్రాసు రాష్ట్రానికి కూడా వచ్చింది. మనోళ్ళని పుట్టుకతోనే దొంగలని రాసుకున్నారు. స్టువర్టుపురం, కావలి దగ్గర కప్పరాళ్ళతిప్ప, మన కర్నూలు వైపు సిద్దాపురం, ఇవన్నీ ఆ రోజుల సెటిల్‌మెంట్లే. 1952 ఆగస్టు 31న చట్టం పోయింది. ఊర్లో ఏదన్నా పోతే మొదట మన గుడిసెల వైపు చూసే చూపు పోవడానికి తేదీ ఎవరూ వెయ్యలేదు. కాబట్టి కాయితంలో "మా ఎరుకల కళాకారులకి" అని రాసుకున్న వాక్యం కొట్టేసినా. 14 మందిలో ఎవరి కులమూ నేను చెప్పలేదు, చేసిన పని చెప్పినా. కులం చెప్పుకోవాలంటే నాది నేను చెప్పుకుంటా. ఇంకొకరిది చెప్పే హక్కు డైరెక్టర్‌కి కూడా లేదు.

రెండో ముక్క ఇది. పేర్లున్న చోట వరసలు పెట్టినా:

"ఇప్పుడు చూసిన గంప సినిమా కోసం అల్లింది కాదు. అవ్వ ఆ రోజు అల్లాల్సిన గంపనే మేం షూట్ చేసినాం. మూడు సార్లు విప్పి అల్లించినాం, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నాలుగో సారి మాత్రం, 'వెదురు దబ్బ ఇన్నిసార్లు వంగదు నాయనా, నీ కెమెరానే వంచు' అనింది. అప్పట్నుంచి కెమెరానే వంచినాం. సినిమా బాగుంటే కారణం అదే. అవ్వకీ, మనవరాలిగా చేసిన పాపకీ, ఇంకో ఇద్దరికీ రోజుకి 600 లెక్కన ఐదు రోజుల కూలి ఇచ్చినాం. ఒక్కరోజు వచ్చిన పదిమందికి 500 ఇచ్చినాం. కూలి ఇచ్చినాం కాబట్టి రుణం తీరిందని నేను అనుకోవట్లేదు. రుణం ఉంది కాబట్టి కూలి ఎగ్గొట్టచ్చని కూడా అనుకోలేదు. నటించిన అందరూ కూర్చున్న చోటే చెయ్యెత్తండి. పేర్లు చదువుతా.

కెమెరా పట్టినాయన గుడిసెలో వంగి వంగి నడుము పట్టేసుకుంది. సౌండు చూసినాయన హైవే మీద లారీలు ఆగే టైము కోసం తెల్లారుజామున మూడింటికి లేచినాడు, మీరు విన్న దబ్బ చీలే చప్పుడు ఆ మూడింటిది. లైట్లు పట్టిన తమ్ముడు వానొస్తే లైటుకి గొడుగు పట్టినాడు, తనకి కాదు. అన్నం వండిన పెద్దమ్మ ఐదు రోజులూ షూటింగు చూడలేదు, ఈ రోజే చూసింది. తొమ్మిది మందీ చెయ్యెత్తండి.

చివరిగా ఒక్క మాట. ఈ ఊరికి ఒంటిమిట్ట అనే పేరు ఒంటుడు, మిట్టుడు అనే ఇద్దరి వల్ల వచ్చిందని పెద్దోళ్ళు చెప్తారు. వాళ్ళిద్దరూ దొంగలేనంట, మారి రాముడి సేవ చేసినారంట. ఆ ఇద్దరి పేర్లని ఊరు నెత్తిన పెట్టుకుంది. నేను ఎరుకలోణ్ణి. మా తాతల్ని ఏ తప్పూ చెయ్యకముందే దొంగలని రాసినారు. ఆ ఇద్దరికిచ్చిన మర్యాద మా తాతలకి ఈ రోజు ఈ హాల్లో దొరికింది. మీరందరూ ఇరవై రెండు నిమిషాలు కదలకుండా కూర్చుని ఒక ఎరుకల అవ్వ చేతుల్ని చూసినారు. థాంక్స్."

"చెయ్యెత్తండి" అన్నది ఎందుకో చెప్తా. స్టేజీ మీదికి రమ్మంటే 23 మంది రావడానికే పది నిమిషాలు, లేచి నిలబడమంటే మోకాళ్ళ నొప్పులున్న అవ్వ లేవలేదు. చెయ్యెత్తితే ఎక్కడున్నారో కనపడతారు, ఎవరూ ఎవరికంటే కింద ఉండరు. ఇంకో చిన్న సంగతి, సినిమా అవగానే హాల్ లైట్లు వెయ్యమని ముందే ఒకరికి చెప్పి పెట్టాల. ప్రొజెక్టర్ వెలుగు ముఖం మీద పడతా ఉంటే చెప్పేవాడికి జనం కనపడరు, ఎత్తిన చెయ్యి ఎవరిదో తెలీదు. సౌండు బాక్సుకి ఎదురుగా నిలబడితే మైకు కూత పెడుతుంది, పక్కకి రెండడుగులు వెయ్యండి.

వాక్యాలు రాసుకునేటప్పుడు నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే. ఆ వాక్యంలో పేరు తీసేసి ఇంకొకరి పేరు పెడితే సరిపోతుందా? సరిపోతే ఆ వాక్యం పనికిరాదు. "ఎంతో కష్టపడినారు" అనేది 23 మందికీ సరిపోతుంది. తెల్లారుజాము మూడింటికి లారీల కోసం లేచింది ఒక్కడే. ఇట్లాంటివి షో ముందు రోజు గుర్తురావు. షూటింగు జరిగే రోజుల్లోనే రాత్రి పడుకునే ముందు ఫోన్లో రెండు లైన్లు రాసుకోవాల, ఎవరు ఏం చేసినారని. నా దగ్గర ఐదు రోజులవి ఉన్నాయి కాబట్టే ఇవి చెప్పగలిగినా.

ఇంత చేసినా థాంక్స్ తీర్చలేనిది ఒకటి ఉంది, అది కూడా రాయాల. షో అయినాక మండీ అన్న నేరుగా అవ్వ దగ్గరికి పోయినాడు. జనం పక్కకి జరిగినారు. "బాగా చేసినావవ్వా" అన్నాడు. అవ్వ ఆయన్నే చూస్తా, "చేసింది సరే నాయనా, వచ్చే మామిడికి గంపలెన్ని కావాల?" అనింది. చుట్టూ ఉన్నోళ్ళు నవ్వినారు. ఆయనా నవ్వినాడు గానీ అంకె చెప్పలేదు. క్రేటు నాలుగైదేళ్ళు తిరుగుతుంది, ఒకదాని మీద ఒకటి పది పేర్చచ్చు, కడిగితే పోతుంది. గంప ఒక్క సీజనుకే. ఆయన లెక్క ఆయనకుంది. మంచి మాటతో ఆ లెక్క మారదు, నా మైకు దాన్ని మార్చలేదు.

వారం తర్వాత ఆయన ఫోన్ చేసి, గుళ్ళకీ పెళ్ళిళ్ళకీ పండ్లు పంపేటప్పుడు చిన్న బుట్టలు కావాలని, ముందు యాభై అల్లి ఇమ్మన్నాడు. రేటు అవ్వనే మాట్లాడుకోమన్నా, నేను మధ్యలోకి పోలేదు. బుట్టకి ఆయన చెప్పిన దానికంటే పదిహేను రూపాయలు ఎక్కువకి తెగ్గొట్టింది. యాభై బుట్టలతో పోయిన పని తిరిగొచ్చిందని నేను అనను.

తమ్ముళ్ళిద్దరూ ఈ కాయితం కాపీ కొట్టొద్దు, మీ తండాకి ఇది సరిపోదు. లెక్క కాయితం ఫార్మాట్ కావాలంటే గ్రూపులో అడగండి, పెడతా. మీ దగ్గర ఎవరు ఏం చేసినారో ఈ రోజు రాత్రి నుంచే రాసుకోవడం మొదలుపెట్టండి.